మెషిన్ మార్టూరు వెళ్లిపోయింది, మా లెడ్జర్‌లో మాత్రం ఇంకా ఇక్కడే ఉంది. అసలు నష్టం ఎంత?

గెలాక్సీ_గుమాస్తా
చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2024 సెప్టెంబర్ 30న పాత పాలిషింగ్ మెషిన్ ఒకటి మార్టూరు పార్టీకి అమ్మాం. బిల్లు 4,20,000, జీఎస్టీ 75,600, మొత్తం 4,95,600 బ్యాంకులో పడింది. నేను చాలా సింపుల్‌గా బ్యాంక్ డెబిట్, మెషినరీ క్రెడిట్ 4,95,600 అని కొట్టేసి హాయిగా ఉన్నాను.

ఇప్పుడు ఆడిట్ నడుస్తోంది. ఆడిటర్ గారి దగ్గర నుంచి వచ్చిన అబ్బాయి రిజిస్టర్ పట్టుకుని షెడ్డులోకి వెళ్లాడు. వెనక్కి వచ్చి "మేడమ్, రెండో నంబర్ మెషిన్ ఉండాల్సిన చోట నేలలో నాలుగు బోల్టులు నిలబడి ఉన్నాయి, మెషిన్ లేదు. మార్చి దాకా తరుగుదల మాత్రం వేశారు" అన్నాడు. తల కొట్టేసినంత పనైంది.

మా ఓనర్ గారి లెక్క: 8,40,000కి కొన్నాం, 4,20,000కి అమ్మాం, సగం పోయింది, నష్టం 4,20,000. ఆడిట్ అబ్బాయి ఫోన్‌లో 1,63,000 అన్నాడు, ఎలా వచ్చిందో చెప్పకుండా పెట్టేశాడు. నా మెషినరీ లెడ్జర్‌లో ఆ మెషిన్ పేరు మీద ఇంకా 3,44,400 మిగిలి ఉంది. మూడు అంకెలు, మూడు దారులు. ఏది నిజం?

టాలీ_తంబి
ఇందులో టెన్షన్ ఏముంది. పుస్తకంలో ఆ మెషిన్ విలువ ఎంత మిగిలిందో చూడు, అమ్మిన ధర తీసెయ్. వచ్చిందే నష్టం. రెండు నిమిషాల పని.

పెన్నా_గట్టు
చీమకుర్తిలో రాయి మీద మొహం కనపడేలా పాలిష్ చేస్తారు, లెడ్జర్‌కి మాత్రం పాలిష్ పెట్టరు అన్నమాట 😀

రాయి_రాజ్యం
మీ ఓనర్ అన్నదాంట్లో తప్పేముందమ్మా. నాదీ యూనిట్టే. జేబులోంచి 8,40,000 పోయింది, తిరిగి 4,20,000 వచ్చింది. మిగతాది పోయినట్టే కదా. అకౌంటెంట్లు దాన్ని లక్షా అరవై వేలు చేసి చూపిస్తే పోయిన డబ్బు తిరిగొస్తుందా?

డెబిట్_బాబాయ్
రాయి_రాజ్యం గారూ, పోయిందన్న మాట నిజమే, కానీ ఒక్కరోజులో పోలేదు. ఇన్నేళ్లూ వాళ్లు ఆ మెషిన్ మీద రాయి పాలిష్ చేసి అమ్ముకున్నారు. ఆ వాడకం ఖర్చు ప్రతి మార్చిలో తరుగుదలగా లాభంలోంచి కొంత కొంత తగ్గించేశారు. ఇప్పుడు మళ్లీ మొత్తం 4,20,000 నష్టం అంటే అదే ఖర్చు రెండుసార్లు రాసినట్టు. అమ్మిన రోజు నష్టం అంటే, ఇన్నేళ్లూ తరుగుదలగా రాయకుండా మిగిలిపోయిన భాగం మాత్రమే.

గుమాస్తా తల్లీ, నాకు నాలుగు సంగతులు కావాలి. కొన్న తేదీ, తరుగుదల ఏ పద్ధతి, 8,40,000లో ఏమేం ఉన్నాయి, అమ్మేటప్పుడు మీ చేతి ఖర్చు ఏమైనా పడిందా.

గెలాక్సీ_గుమాస్తా
బాబాయ్ గారూ, కొన్నది 2019 అక్టోబర్ 1. బిల్లు 8,00,000, దాని మీద జీఎస్టీ క్రెడిట్ అప్పుడే తీసుకున్నాం కాబట్టి అది ఆస్తిలో కలపలేదు. కాంక్రీటు పునాది, బిగింపు కలిపి 40,000. రెండూ కలిస్తే 8,40,000. తరుగుదల స్ట్రెయిట్ లైన్, 15 ఏళ్లు, చివర్లో 5 శాతం మిగిలేట్టు. ఏడాదికి 53,200. ఏటా వేసిన తరుగుదల పోగయ్యే అక్యుములేటెడ్ డిప్రిసియేషన్‌కి వేరే లెడ్జర్ ఉంది. అమ్మినప్పుడు క్రేన్‌తో ఎత్తించి లారీ ఎక్కించడానికి 9,000 మేమే ఇచ్చాం, దాన్ని రిపేర్స్‌లో వేశాను.

డెబిట్_బాబాయ్
ఆ 9,000తోనే ఆడిట్ అబ్బాయి లెక్క తేలిపోయింది.

8,40,000లో 5 శాతం 42,000 పక్కన పెడితే 7,98,000. పదిహేనేళ్లకి పంచితే ఏడాదికి 53,200, మీరు వేసినట్టే. 2019 అక్టోబర్ నుంచి 2024 మార్చి దాకా నాలుగున్నరేళ్లు, అంటే 2,39,400. తరవాత ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరు నెలలు మెషిన్ మీ షెడ్డులో నడిచింది కాబట్టి ఆ అరసంవత్సరం 26,600 వేయాలి. మొత్తం 2,66,000. అమ్మిన రోజున పుస్తకంలో మిగిలింది 5,74,000.

చేతికొచ్చింది 4,20,000. అందులోంచి క్రేన్ ఖర్చు 9,000 పోతే 4,11,000. 5,74,000లోంచి అది తీస్తే 1,63,000. మీ ఆడిట్ అబ్బాయి సరిగ్గానే చెప్పాడు, కాకపోతే ఓపిక తక్కువ.

మీరు చేసిన తప్పులు మూడు. ఒకటి, జీఎస్టీ 75,600ని అమ్మకపు ధరలో కలిపేశారు. అది మీ డబ్బు కాదు, ప్రభుత్వానిది, మీ చేతుల మీదుగా పోయేది. రెండు, అమ్మిన ధరని ఆస్తి ఖాతాలో క్రెడిట్ చేశారు, కొన్న ధర మొత్తాన్ని అక్కడినుంచి తీసెయ్యలేదు. మూడు, అక్యుములేటెడ్ డిప్రిసియేషన్‌ని అసలు ముట్టుకోలేదు, పైగా మెషిన్ పోయాక ఇంకో ఆరు నెలల తరుగుదల వేశారు. ఇప్పుడా లెడ్జర్‌లో ఈ మెషిన్ మీద 2,92,600 ఉండాలి, చూడండి.

గెలాక్సీ_గుమాస్తా
చూశాను. 2,92,600 ఉంది. మీరు మా షెడ్డులోనే ఉన్నారా బాబాయ్ గారూ?

పెన్నా_గట్టు
ఆ బోల్టుల పక్కనే నిలబడి ఉంటారు, చూసుకోండి.

కనిగిరి_కిరాణా
నాకు ఒకటి అర్థం కాలేదు. అక్యుములేటెడ్ డిప్రిసియేషన్ అనే ఖాతానే మా పుస్తకాల్లో లేదు. పదేళ్లుగా మా ఆడిటర్ గారు ఏటా ఆస్తిలోంచే తగ్గించేస్తారు. మేమేమైనా తప్పు చేస్తున్నామా? పాత ఫ్రిజ్ ఒకటి అమ్మాలి.

సీఏ_ఇంటర్_మూడోసారి
కనిగిరి అన్నా, మీది పార్ట్‌నర్‌షిప్పో సొంత వ్యాపారమో అయ్యుంటుంది. చిన్న వ్యాపారాల్లో చాలామంది తరుగుదలని నేరుగా ఆస్తి ఖాతాలోనే క్రెడిట్ చేస్తారు. అప్పుడు ఆ ఖాతాలో మిగిలిందే పుస్తకం విలువ, వేరే ఖాతా మూసే పని ఉండదు. గుమాస్తా గారిది కంపెనీ. బ్యాలెన్స్ షీట్ నోట్‌లో కొన్న ధర ఒక వరుసలో, పోగైన తరుగుదల ఇంకో వరుసలో చూపించాలి. ఆ రెండు వరుసల్లోంచీ అమ్మిన మెషిన్ బయటికి పోవాలి.

టాలీ_తంబి
బాబాయ్ గారు చెప్పింది బాగానే ఉంది, కానీ ఇన్ని ఎంట్రీలు ఎందుకు? నేనైతే టాలీలో `F6` కొట్టి ఒక్క రిసీట్ ఎంట్రీ. బ్యాంక్ డెబిట్ 4,95,600, నష్టం డెబిట్ 1,54,000, జీఎస్టీ క్రెడిట్ 75,600, మెషినరీ క్రెడిట్ 5,74,000. రెండు వైపులా 6,49,600, టాలీ అయింది. క్రేన్ 9,000 రిపేర్స్‌లోనే ఉండనీ, లాభనష్టాల్లో ఎక్కడున్నా ఒకటే. ఆరేళ్లుగా ఇలాగే చేస్తున్నా, ఎవరూ అడగలేదు.

డెబిట్_బాబాయ్
తంబీ, నష్టం మాట వరకు నీ లెక్క తప్పు కాదు. మొత్తం ఆస్తుల విలువ కూడా సరిగ్గానే వస్తుంది. అందుకే నిన్ను ఎవరూ అడగలేదు.

కానీ నువ్వు మెషినరీలోంచి తీసింది 5,74,000. అందులో ఉన్నది 8,40,000. మిగిలిన 2,66,000 లేని మెషిన్ పేరు మీద ఆస్తి ఖాతాలో కూర్చుంది. అటు అక్యుములేటెడ్ డిప్రిసియేషన్‌లో కూడా సరిగ్గా అంతే 2,66,000 కూర్చుంది. ఒకటి డెబిట్, ఒకటి క్రెడిట్. బ్యాలెన్స్ షీట్ మొత్తంలో ఒకదాన్ని ఒకటి చంపేసుకుంటాయి కాబట్టి కంటికి కనపడదు.

బయటపడేది మరుసటి ఏడాది. స్ట్రెయిట్ లైన్‌లో తరుగుదల కొన్న ధర మీద వేస్తారు కదా. ఎవరైనా లెడ్జర్ మొత్తం పట్టుకుని 6.33 శాతం కొట్టారంటే ఈ 2,66,000 మీద కూడా ఏడాదికి పదహారు వేల ఎనిమిది వందల పైచిలుకు తరుగుదల పడుతుంది. మెషిన్ మార్టూరులో, తరుగుదల చీమకుర్తిలో. ఆరేళ్లలో ఎన్ని అమ్మావో అన్నీ అలాగే కూర్చుని ఉంటాయి. ఒకసారి రిజిస్టర్‌లో ఉన్న మెషిన్ల కొన్న ధరలన్నీ కూడి, లెడ్జర్ మొత్తంతో పోల్చి చూడు.

టాలీ_తంబి
ఏందబ్బా, పొద్దున్నే భయపెడతారు. చూసి చెప్తా.

రొయ్యల_గుంట
ఇది చదివాక నాకూ గుండె దడ పట్టుకుంది. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువులు, అకౌంట్స్ నేనే. మాకు 40 ఏరేటర్లు ఉన్నాయి, రిజిస్టర్‌లో ఒకే లైను, "ఏరేటర్లు, 12,00,000". ఈ మధ్య పది అమ్మాం, ఒక్కోటి 9,000. నేను 12,00,000ని 40తో భాగించి పదికి 3,00,000 కొన్న ధర అనుకున్నా. తరుగుదల కూడా అలాగే నాలుగో వంతు తీశా. మొత్తం 4,41,600 ఉంటే 1,10,400. నష్టం 99,600 వచ్చింది. ఇది సరిపోతుందా?

డెబిట్_బాబాయ్
నలభయ్యీ ఒకేసారి కొన్నారా?

రొయ్యల_గుంట
లేదు సార్. అమ్మే నాటికి 24 అయిదేళ్లవి, 28,000 చొప్పున. 16 రెండేళ్లవి, 33,000 చొప్పున. ఉప్పునీళ్లలో ఎక్కువ కాలం నిలవవని పదేళ్లే లెక్క వేసుకున్నాం, చివర్లో ఏమీ మిగలదనే అనుకున్నాం.

డెబిట్_బాబాయ్
అమ్మిన పది ఏ లాట్‌వి?

రొయ్యల_గుంట
పాతవే. తేలే బుడ్డలు పగిలినవి, రెక్కలు పోయినవి చూసి ఇచ్చాం. కొత్తవి ఎవరిస్తారు సార్.

డెబిట్_బాబాయ్
అయితే సగటు పనికిరాదు. పోయినవి ఏవో తెలుసు కాబట్టి వాటి ధర, వాటి తరుగుదలే తీయాలి. ఒక్కోటి 28,000, ఏడాదికి 2,800, అయిదేళ్లకి 14,000. పదికి కొన్న ధర 2,80,000, తరుగుదల 1,40,000, మిగిలింది 1,40,000. వచ్చింది 90,000. నష్టం 50,000.

మీరు సగటు వేసినప్పుడు కొత్త వాటి ఎక్కువ ధరలో కొంత, తక్కువ తరుగుదలలో కొంత ఈ పాతవాటికి అంటుకుంది. 50,000 కాస్తా దాదాపు లక్ష అయింది. ఇంకో చిక్కు ఏంటంటే, చెరువు గట్టున మిగిలిన 30కి మీ పుస్తకంలో ఇప్పుడు ఉండాల్సినదాని కన్నా తక్కువ విలువ ఉంది. అంటే ముందుముందు వచ్చే లెక్కలు కూడా వంకరే.

రొయ్యల_గుంట
ఒకవేళ ఏది పాతదో ఏది కొత్తదో తెలియకపోతే?

డెబిట్_బాబాయ్
మోటారు మీద పలక చూడండి, నంబర్ ఉంటుంది. కొన్న బిల్లు మీద కూడా ఆ నంబర్లు రాసిచ్చే డీలర్లు ఉన్నారు. రెండూ దొరక్కపోతే అప్పుడు సగటు, ఒక కాగితం మీద ఎందుకు అలా చేశారో రాసి పెట్టుకోండి. ఇకనుంచి లాట్‌కి ఒక లైను, నలభైకి ఒక లైను కాదు.

పెన్నా_గట్టు
ఉప్పునీళ్లలో ఆ పలక మీద నంబర్ చదవాలంటే ఆర్కియాలజీ వాళ్లని పిలవాలి బాబాయ్.

రొయ్యల_గుంట
నిజమే అన్నా, సగం తుప్పు పట్టిపోయినాయి. కానీ కొత్త లాట్ మోటార్లు నీలం రంగు, పాతవి ఆకుపచ్చ. దాంతో బతికిపోయా.

గెలాక్సీ_గుమాస్తా
నా కథ మధ్యలో ఆపేసి అందరూ చెరువులోకి దిగారు. బాబాయ్ గారూ, ఇప్పుడు నేను సరిచేయడం ఎలా? పాత ఎంట్రీ డిలీట్ చేసేయనా? పుస్తకాలు ఇంకా ముగించలేదు, 2024-25 ఇంకా తెరిచే ఉంది.

టాలీ_తంబి
ఆడిట్ మధ్యలో డిలీట్ వద్దు. కంపెనీ కాబట్టి ఎడిట్ లాగ్ ఉంటుంది, నువ్వు ఏం మార్చావో అంతా కనపడుతుంది. జర్నల్‌తో సరిచెయ్.

డెబిట్_బాబాయ్
ఈసారి తంబి నూటికి నూరుపాళ్లు కరెక్ట్. `Fixed Assets` గ్రూపు కిందే "మెషినరీ డిస్పోజల్" అని ఒక తాత్కాలిక ఖాతా తెరవండి. ఈ మెషిన్‌కి సంబంధించినవన్నీ అందులోకి తోలాలి. చివరికి అది సున్నా అవ్వాలి. అదే మీ పరీక్ష.

ముందు అదనంగా పడ్డ ఆరు నెలల తరుగుదల వెనక్కి తీయండి. అక్యుములేటెడ్ డిప్రిసియేషన్ డెబిట్, డిప్రిసియేషన్ క్రెడిట్, 26,600.

తరవాత మీరు మెషినరీలో తప్పుగా క్రెడిట్ చేసిన 4,95,600ని విడదీయండి. మెషినరీ డెబిట్ 4,95,600, డిస్పోజల్ క్రెడిట్ 4,20,000, కట్టాల్సిన జీఎస్టీ క్రెడిట్ 75,600. మార్టూరు మన రాష్ట్రమే కాబట్టి కేంద్రానికి 37,800, రాష్ట్రానికి 37,800. ఇప్పుడు మెషినరీలో మళ్లీ 8,40,000 నిండుగా కనపడుతుంది.

దాన్ని మొత్తంగా బయటికి తీయండి. డిస్పోజల్ డెబిట్, మెషినరీ క్రెడిట్, 8,40,000. బిల్లు చూసి 8,00,000 మాత్రమే తీసేవాళ్లు చాలామంది ఉన్నారు, అప్పుడు పునాది ఖర్చు 40,000 అక్కడే ఇరుక్కుంటుంది. ఆ పొరపాటు చేయకండి.

పోగైన తరుగుదల దాని వెనకే పంపండి. అక్యుములేటెడ్ డిప్రిసియేషన్ డెబిట్, డిస్పోజల్ క్రెడిట్, 2,66,000. ఇక్కడితో ఆ ఖాతాలో ఈ మెషిన్ పద్దు ఖాళీ అవుతుంది.

క్రేన్ ఖర్చు రిపేర్స్‌లోంచి డిస్పోజల్‌కి, 9,000. అది మెషిన్‌ని బాగు చేయడానికి పెట్టింది కాదు, వదిలించుకోవడానికి పెట్టింది.

ఇప్పుడు డిస్పోజల్ ఖాతా తెరిచి చూడండి. డెబిట్ వైపు 8,49,000, క్రెడిట్ వైపు 6,86,000. తేడా 1,63,000. దాన్ని "ఆస్తి అమ్మకం నష్టం" ఖాతాకి పంపి మూసేయండి.

గెలాక్సీ_గుమాస్తా
బాబాయ్ గారూ, జీఎస్టీ దగ్గర ఒక అనుమానం. అమ్మిన నెల రిటర్న్‌లోనే మా జీఎస్టీ కన్సల్టెంట్ ఆ బిల్లు చూపించి పన్ను కట్టించాడు. మరి నా పుస్తకంలో కట్టాల్సిన జీఎస్టీ అసలు పడలేదు కదా?

సీఏ_ఇంటర్_మూడోసారి
అక్కా, అందుకే మీ జీఎస్టీ లెడ్జర్‌లో ఎప్పటినుంచో 75,600 తేడా వేలాడుతూ ఉండాలి. కట్టింది డెబిట్ పడింది, రావాల్సిన క్రెడిట్ మెషినరీలోకి పోయింది. రిటర్న్‌నీ లెడ్జర్‌నీ నెలనెలా పోల్చి ఉంటే అక్టోబర్‌లోనే దొరికిపోయేది.

గెలాక్సీ_గుమాస్తా
అవును! ఆ 75,600 ఏంటో తెలియక "తరవాత చూద్దాం" అని ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

పెన్నా_గట్టు
ఆ చీటీని కూడా రిజిస్టర్‌లో ఎక్కించి తరుగుదల వెయ్యండి.

సీఏ_ఇంటర్_మూడోసారి
ఇంకో మాట. క్రెడిట్ తీసుకున్న మెషిన్ అమ్మితే అమ్మకపు ధర మీద పన్ను ఒక్కటే చూస్తే చాలదు. కొన్నప్పుడు తీసుకున్న క్రెడిట్‌లోంచి ప్రతి మూడు నెలలకీ, మూడు నెలల్లో కొంత భాగమైనా సరే, 5 శాతం చొప్పున తగ్గించగా మిగిలింది ఎంతో చూడాలి. ఆ రెండింట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. అక్క వాళ్లకి 2019 అక్టోబర్ నుంచి 2024 సెప్టెంబర్‌కి సరిగ్గా 20 క్వార్టర్లు అయ్యాయి, నూరు శాతం తగ్గిపోయింది, మిగిలింది సున్నా. కాబట్టి 75,600 సరిపోయింది. అదృష్టం.

రెండేళ్లకే అమ్మి ఉంటే కథ వేరు. క్రెడిట్ 1,44,000లో ఎనిమిది క్వార్టర్లకి 40 శాతం పోతే ఇంకా 86,400 మిగిలేది. 4,20,000కే అమ్మినా బిల్లులో పన్ను 75,600 అయితే, మిగతా 10,800 మన జేబులోంచే. ఆ 10,800 కూడా నష్టంలోకే పోతుంది.

రాయి_రాజ్యం
సరే, మీరంతా తేల్చారు. కానీ పునాది సంగతి నాకు మింగుడు పడటం లేదు. మెషిన్ లారీ ఎక్కింది, కాంక్రీటు దిమ్మె ఇంకా మీ నేలలోనే ఉంది కదా. మార్టూరు వాళ్లు దాన్ని తీసుకుపోలేదు. ఉన్నదాన్ని లేదని ఎలా రాస్తారు? ఆ 40,000 ఆస్తిగానే ఉంచాలి.

డెబిట్_బాబాయ్
మంచి ప్రశ్నే. దిమ్మె ఉంది, కానీ దేనికి పనికొస్తుంది? బోల్టుల మధ్య కొలతలు ఆ మెషిన్‌కి తగ్గట్టు పోసినవి. కొత్త మెషిన్ కొలతలు వేరైతే దాన్ని పగలగొట్టాల్సిందే. ఉపయోగం లేని దాన్ని ఆస్తిగా ఉంచకూడదు.

రాయి_రాజ్యం
ఒకవేళ అదే కంపెనీ మెషిన్ మళ్లీ తెచ్చి అదే దిమ్మె మీద పెడితే? నేను అలాగే చేశాను మరి. బోల్టులు మిల్లీమీటర్ తేడా లేకుండా కూర్చున్నాయి.

సీఏ_ఇంటర్_మూడోసారి
అప్పుడు దిమ్మెని మొదటినుంచీ రిజిస్టర్‌లో వేరే లైనుగా పెట్టి ఉంటే దాని మిగతా విలువతో ఉంచవచ్చు అంటాను. ఒకే లైనులో కలిపేసి, అమ్మేటప్పుడు మాత్రం విడదీస్తాననడం నాకు నచ్చదు. ఎందుకంటే 40,000లో దిమ్మె ఎంత, బిగింపు కూలి ఎంతో ఇప్పుడు ఎవరు చెప్పాలి?

డెబిట్_బాబాయ్
పాత బిల్లులు ఉంటే విడదీయడంలో తప్పు లేదు నాయనా. బిగింపు కూలి ఎలాగూ పోతుంది, దిమ్మె ఉంటుంది. నీకు నచ్చకపోవడం వేరు, కుదరకపోవడం వేరు.

సీఏ_ఇంటర్_మూడోసారి
మా సార్ ఒప్పుకోరు బాబాయ్ గారూ. ఇక్కడ మీతో ఏకీభవించలేను.

టాలీ_తంబి
వచ్చానొచ్చా. రిజిస్టర్ కూడాను. లెడ్జర్ కన్నా 3,71,500 తక్కువ వచ్చింది. అక్యుములేటెడ్ డిప్రిసియేషన్‌లో అయితే అంతకన్నా ఎక్కువే అదనంగా కూర్చుంది. నేను అమ్మానని మర్చిపోయిన పాత జిరాక్స్ మెషిన్ కూడా అందులో ఉంది. దాని మీద నాలుగేళ్లు తరుగుదల వేశా.

పెన్నా_గట్టు
నాలుగేళ్లుగా లేని మెషిన్ మీద జిరాక్సులు తీస్తున్నావు తంబీ, నీకు సన్మానం చేయాలి.

కనిగిరి_కిరాణా
మా ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో 6,200 ఉంది, 8,000కి అడుగుతున్నారు. లాభం వస్తే అమ్మకాల ఖాతాలో వేసుకోవచ్చా? టర్నోవర్ కాస్త పెరిగినట్టు కనిపిస్తుంది, బ్యాంకు లోన్‌కి అడగాలి.

డెబిట్_బాబాయ్
అమ్మకాల్లో వద్దు కనిగిరీ. మీరు అమ్మేది కిరాణా, ఫ్రిజ్‌లు కాదు. వచ్చిన 1,800 ఇతర ఆదాయంలోకి పోతుంది. 8,000 మొత్తం అమ్మకాల్లో వేస్తే ఇంకా ఘోరం, ఫ్రిజ్ పుస్తకంలోనూ ఉంటుంది, అమ్మకాల్లోనూ ఉంటుంది. బ్యాంకు వాళ్లు జీఎస్టీ రిటర్న్‌తో పోల్చి చూస్తారు, అక్కడ దొరికిపోతారు.

గెలాక్సీ_గుమాస్తా
ఎంట్రీలన్నీ కొట్టాను. డిస్పోజల్ ఖాతా సున్నా. అక్యుములేటెడ్ డిప్రిసియేషన్‌లో రెండో నంబర్ మెషిన్ పద్దు సున్నా. జీఎస్టీ తేడా పోయింది, మానిటర్ మీద చీటీ చింపేశాను. ఓనర్ గారికి 1,63,000 నష్టం అని చెప్తే "పోనీలే, ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గుతుంది కదా" అని సంతోషపడ్డారు.

డెబిట్_బాబాయ్
ఆయన సంతోషం ఎక్కువసేపు ఉండనివ్వకండి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి మీ పుస్తకం నష్టంతో పని లేదు. అక్కడ ఒక్కో మెషిన్‌కి లెక్క ఉండదు, ఒకే రేటు ఉన్న మెషిన్లన్నీ కలిపి ఒక బ్లాక్. అమ్మిన 4,20,000 ఆ బ్లాక్ విలువలోంచి తగ్గిస్తారు, మిగిలిన దాని మీద తరుగుదల ఇస్తారు. మీరు లాభనష్టాల్లో రాసిన 1,63,000ని ట్యాక్స్ లెక్కలో తిరిగి కలిపేస్తారు. కాబట్టి బ్లాక్‌లో ఇంకా మెషిన్లు, విలువ మిగిలి ఉన్నంతవరకు ఈ ఏడాది ఈ నష్టం పేరు చెప్పి పన్ను తగ్గేదేమీ లేదు.

గెలాక్సీ_గుమాస్తా
నేను చెప్పలేను బాబాయ్ గారూ, ఆడిటర్ గారినే చెప్పమంటాను. ఇంకో సంగతి, మా షెడ్డులో కొన్ని నెలలు రెండు షిఫ్టులు నడిచాయి. దానికి తరుగుదల ఎక్కువ వేయాలని ఎవరో అన్నారు.

సీఏ_ఇంటర్_మూడోసారి
అవునక్కా, కంపెనీల చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం రెండు షిఫ్టులు నడిచిన కాలానికి ఈ రకం మెషిన్ల మీద తరుగుదల యాభై శాతం ఎక్కువ. అలా వేసి ఉంటే పోగైన తరుగుదల పెరిగేది, అమ్మినప్పుడు నష్టం ఆ మేరకు తగ్గేది.

డెబిట్_బాబాయ్
ఆ మెషిన్ వరకు అన్నేళ్ల మొత్తం ఖర్చు మారదు, ఏ ఏడాదిలో ఎంత అన్నదే మారుతుంది. కానీ ఏ నెలల్లో రెండు షిఫ్టులు నడిచాయో లాగ్ బుక్ ఉందా?

గెలాక్సీ_గుమాస్తా
కరెంటు బిల్లులు ఉన్నాయి. లాగ్ బుక్ లేదు. పాలిషింగ్ మేస్త్రీని అడిగితే "వేసవిలో నడిపాం, సరిగ్గా ఎప్పుడో గుర్తులేదమ్మా" అంటున్నాడు.

డెబిట్_బాబాయ్
కరెంటు బిల్లుతో షిఫ్టులు తేల్చడం నాకు ధైర్యం చాలదు. ఆడిటర్ ముందు పెట్టండి, ఆయన ఏమంటారో ఇక్కడ రాయండి.

గెలాక్సీ_గుమాస్తా
అలాగే. చివరిగా ఒకటి. ఈ పొద్దున మా ఓనర్ గారు ఆ నాలుగు బోల్టుల్లో ఒకదానికి తగిలి పడబోయారు. కోపమొచ్చి గ్యాస్ కట్టర్ వాణ్ణి పిలిపించి నేల మట్టానికి కోయించేశారు. 600 ఇచ్చాం. ఇది ఏ ఖాతాలో వేయాలి?

డెబిట్_బాబాయ్
ఈ ఏడాది రిపేర్స్‌లో వేసేయండి తల్లీ. డిస్పోజల్ మళ్లీ తెరవకండి.

రాయి_రాజ్యం
బోల్టులు కోసేశారా! అయ్యో, ఇక ఆ దిమ్మె నిజంగానే పోయినట్టే.